అంకెలకు అందని గడులు

మైన్‌స్వీపర్ ఆడేవాళ్లు రెండు చోట్ల నష్టపోతుంటారు. లెక్క వేస్తే జవాబు దొరికే చోట "ఇక అదృష్టమే" అనుకుని ఏదో ఒక గడి నొక్కేస్తారు. ఎంత లెక్క వేసినా జవాబు రాని చోట మాత్రం తల పట్టుకుని కూర్చుంటారు. మొదటి తప్పు వల్ల గెలవాల్సిన ఆట పోతుంది. రెండో తప్పు వల్ల సమయం పోతుంది, పైగా చివర్లో పేలినప్పుడు తనకే చేతకాలేదన్న బాధ మిగులుతుంది. ఈ రెండింటినీ వేరు చేసి చూడటం నేర్చుకోదగ్గ పని. దానికి పెద్ద గణితం అక్కర్లేదు. తీసివేత వస్తే చాలావరకు సరిపోతుంది.

రాబర్ట్ డానర్, కర్ట్ జాన్సన్ రాసిన ఈ ఆటను మైక్రోసాఫ్ట్ 1990లో ఒక వినోదాల ప్యాక్‌లో విడిగా అమ్మింది. 1992లో విండోస్ 3.1తో పాటే ఇవ్వడం మొదలుపెట్టాక అది కంప్యూటర్ ఉన్న ప్రతి చోటికీ చేరింది. మన ఊళ్లలో కంప్యూటర్ నేర్పే సెంటర్లు వెలిసిన రోజుల్లో మౌస్ పట్టుకోవడం ఈ ఆటతోనే అలవాటు చేసుకున్నవాళ్లు చాలామంది. వాళ్లలో ఎక్కువమంది అంకెల సంగతి పట్టించుకోకుండా తోచిన గడి నొక్కుతూ పోయినవాళ్లే.

ఆట నియమం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: తెరిచిన గడిలో కనబడే అంకె, దాన్ని ఆనుకుని ఉన్న గడుల్లో ఎన్ని మందుపాతరలు ఉన్నాయో చెబుతుంది. ఆనుకుని ఉండటమంటే మూలమూలగా ఉన్నా లెక్కే. కాబట్టి బోర్డు మధ్యలో ఉన్న గడికి ఎనిమిది పొరుగు గడులు, అంచున ఉన్నదానికి ఐదు, మూలన ఉన్నదానికి మూడు. ఎక్స్‌పర్ట్ స్థాయిలో 30 నిలువు, 16 అడ్డ వరుసలు కలిపి 480 గడులు, వాటి కింద 99 మందుపాతరలు. అంటే దాదాపు ఐదు గడులకు ఒకటి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. అంకె ఏ ఒక్క గడి గురించీ చెప్పదు, ఒక గుంపు గురించి చెబుతుంది. "ఈ ఐదు గడుల్లో ఒకటి చెడ్డది" అంటుందే తప్ప ఏది అన్నది దానికి పట్టదు. ఒక్క అంకెనే చూస్తూ కూర్చుంటే, ఆ గుంపంతా మందుపాతరలే అయినప్పుడో, ఉన్నవన్నీ అప్పటికే దొరికినప్పుడో తప్ప ఏమీ తేలదు. అసలు ఆట పక్కపక్కనే ఉన్న రెండు అంకెల గుంపులు ఒకదాని మీదికి ఒకటి వచ్చిన చోట మొదలవుతుంది.

బోర్డు ఎడమ గోడను ఆనుకుని ఇలాంటి చోటు ఒకటి ఉందనుకుందాం. పై వరుసలో అక్షరాలు వేసినవి ఇంకా తెరవని గడులు. అంకెల వరుసలోనూ, దాని కింది వరుసలోనూ అన్నీ తెరిచేసినవే.

```
క  చ  ట
1  1  ·
```

గోడ పక్కనున్న 1కి ఆనుకుని తెరవని గడులు రెండే: క, చ. కాబట్టి ఆ రెండింట్లో ఒకటి మందుపాతర. రెండో 1కి ఆనుకున్నవి మూడు: క, చ, ట. ఆ మూడింటిలోనూ ఒకటే మందుపాతర. ఆ ఒక్కటీ క, చలలోనే ఉందని మొదటి అంకె చెప్పేసింది కదా, ఇక ట కింద ఏమీ ఉండటానికి వీల్లేదు. క, చలలో ఏది చెడ్డదో ఇప్పటికీ తెలియదు. అయినా ట ని నిశ్చింతగా తెరవచ్చు. తెలియనిదాన్ని అలాగే ఉంచి, దాని పక్కనున్నదాన్ని తేల్చేయడం ఈ ఆటలో తరచూ ఎదురయ్యే పని, అందమైన పని కూడా.

గోడ లేని చోట కూడా ఇదే లెక్క నడుస్తుంది, కాకపోతే తీసివేత రూపంలో.

```
క  చ  ట  త
·  1  2  ·
```

1కి ఆనుకున్నవి క, చ, ట. 2కి ఆనుకున్నవి చ, ట, త. చ, ట రెండు గుంపుల్లోనూ ఉన్నాయి. రెండో అంకెలోంచి మొదటి అంకెను తీసేస్తే ఆ ఉమ్మడి గడులు రెండు వైపులా కొట్టుకుపోతాయి. మిగిలేది త లోంచి క తీసేసినంత. అది 2 − 1, అంటే 1. ఒక గడిలో మందుపాతర ఉంటే 1, లేకపోతే 0. ఒకదాంట్లోంచి మరొకటి తీసేస్తే 1 రావాలంటే ఒక్కటే దారి: త లో మందుపాతర ఉండాలి, క ఖాళీగా ఉండాలి. ఒకే తీసివేతతో ఒక జెండా, ఒక సురక్షితమైన గడి రెండూ దొరికాయి. మధ్యనున్న చ, టల గొడవ అలాగే ఉండిపోయింది.

ఆ 2 పక్కన మరో 1 వచ్చి చేరిందనుకోండి.

```
క  చ  ట  త  ప
·  1  2  1  ·
```

ఎడమ నుంచి చూస్తే త మందుపాతర, క ఖాళీ. ఇదే తీసివేతను కుడి నుంచి చేస్తే చ మందుపాతర, ప ఖాళీ. చ, త కలిసి 2ని పూర్తిచేశాయి కాబట్టి ట కూడా ఖాళీ. ఐదు గడులూ తేలిపోయాయి. బాగా ఆడేవాళ్లు ఇంత ఆలోచించరు. 1, 2, 1 వరుసగా కనబడగానే రెండు 1ల నెత్తిన జెండాలు పాతేసి మధ్యలోది తెరిచేస్తారు. 1, 2, 2, 1 కనబడితే రెండు 2ల నెత్తిన పాతుతారు. అదీ ఈ తీసివేతే.

అయితే నమూనాలు బట్టీ పట్టినవాళ్లు దెబ్బతినేదీ ఇక్కడే. పై లెక్క నడవాలంటే ఆ అంకెలకు ఆనుకుని, పై వరుసలో తప్ప తెరవని గడి మరెక్కడా ఉండకూడదు. 2కి కిందివైపు ఇంకో తెరవని గడి ఉంటే, తీసివేతలో అది కూడా త పక్కన వచ్చి నిలబడుతుంది. అప్పుడు మందుపాతర త లోనే ఉందని చెప్పలేం, కింది గడిలోనైనా ఉండవచ్చు. ఇంకో సంగతి, అప్పటికే జెండా పాతిన మందుపాతరలను అంకెలోంచి ముందే తీసేసుకోవాలి. పక్కన ఒక జెండా ఉన్న 3 నిజానికి 2తో సమానం, రెండు జెండాలున్న 4 కూడా అంతే. తెర మీద కనబడే అంకెతో కాక, జెండాలు పోను మిగిలిన అంకెతో ఆలోచించడం అలవాటైతే, 3, 4 వెనక దాగిన 1, 2, 1లు కూడా కంటపడతాయి. ఇక లాభం లేదనుకుని వదిలేసిన స్థితుల్లో చాలావాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

ఏ రెండు అంకెలనైనా సరే, ఈ పద్ధతిని ఒకే మాటగా చెప్పుకోవచ్చు. పెద్ద అంకెకు మాత్రమే చెందిన గడులు ఎన్నో చూడాలి. రెండు అంకెల తేడా సరిగ్గా అంతే ఉంటే, ఆ గడులన్నీ మందుపాతరలు, చిన్న అంకెకు మాత్రమే చెందిన గడులన్నీ ఖాళీలు. తేడా అంతకంటే తక్కువైతే ఆ జంట నుంచి వెంటనే ఏమీ తేలకపోవచ్చు. అప్పుడు మూడో అంకెను కలుపుకోవాలి, లేదా ఒక గడిలో మందుపాతర ఉందనుకుని ఆ ఊహను చివరిదాకా లాక్కుపోవాలి. దారిలో ఏదో ఒక అంకెతో పేచీ వస్తే ఆ ఊహ తప్పు, అంటే గడి సురక్షితం.

ఇన్నీ చేసినా కదలని చోట్లు ఉంటాయి. అవి నిజంగానే కదలనివా, మనకే తట్టలేదా అన్నది ఎలా తెలుస్తుంది?

తట్టలేదన్న అనుమానాన్ని నివృత్తి చేసుకోవడానికి కచ్చితమైన దారి ఉంది. మిగిలిన గడుల్లో, అంకెలన్నింటికీ సరిపోయేలా మందుపాతరలను ఒక విధంగా పేర్చి చూడాలి. తర్వాత మొదటిదానికి వీలైనంత విరుద్ధంగా, మళ్లీ అంకెలన్నింటికీ సరిపోయేలా ఇంకో విధంగా పేర్చాలి. ఒక గడి మొదటి అమరికలో మందుపాతరై, రెండో అమరికలో ఖాళీ అయితే, ఇప్పుడున్న అంకెలతో ఆ గడిని ఎవరూ తేల్చలేరు. ఎంత గొప్ప ఆటగాడైనా, ఎంత వేగంగా లెక్క కట్టే యంత్రమైనా తేల్చలేదు. అన్ని గడుల్లోనూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైన రెండు అమరికలు దొరికితే ఇక వెతకాల్సింది ఏమీ లేదు. రెండు అమరికలు దొరకడమే రుజువు.

కానీ అక్కడితో పని అయిపోలేదు. "ఇప్పుడు తేలదు" అన్నదీ "ఎప్పటికీ తేలదు" అన్నదీ వేరువేరు. ఇప్పుడు తేలని చోటు, బోర్డు మరో వైపు నుంచి కొత్త అంకెలు వస్తే తేలవచ్చు. అందుకే తేలని గడుల పక్కన ఇంకా ఏయే అంకెలు పుట్టే వీలుందో చూడాలి. బోర్డు ఎడమ పై మూలలో తరచూ ఎదురయ్యే ఈ స్థితిని తీసుకుందాం. అంకెల కింది వరుసంతా తెరిచే ఉంది.

```
క  చ  ట
1  3  త
```

1కి ఆనుకున్నవి క, చ మాత్రమే. 3కి ఆనుకున్నవి క, చ, ట, త. తీసివేత చేస్తే ట, త కలిపి 2. ఉన్నవే రెండు గడులు కాబట్టి రెండూ మందుపాతరలే. రెండు జెండాలు పాతేయొచ్చు. తీసివేత ఇక్కడిదాకా చక్కగా పనిచేసింది. ఇక మిగిలింది క, చ. వాటిలో ఒకటి మందుపాతర. ఏది?

క లో ఉన్న మందుపాతరను తీసి చ లో పెట్టామనుకుందాం. బోర్డు మీద ఏ అంకెైనా మారుతుందా? 1 రెండింటినీ తాకుతోంది కాబట్టి మారదు. 3 కూడా రెండింటినీ తాకుతోంది, మారదు. చ ని తాకుతూ క ని తాకని గడులు రెండే: ట, త. వాటిలో ఏ ఒక్కటి తెరిచినా అందులోని అంకె గుట్టు విప్పేది. కానీ ఆ రెండూ మందుపాతరలే, వాటిలో అంకె ఎప్పటికీ పుట్టదు. పైవైపు, ఎడమవైపు గోడ. అంటే ఈ రెండు గడుల మధ్య తేడా చెప్పగల సాక్షి ఇప్పుడు లేడు, ఇక ముందు రాడు. బోర్డు అవతల మూల తెరిచి వచ్చినా, మిగతా 99లో ప్రతి ఒక్కదాన్నీ పట్టేసి వచ్చినా ఈ మూల ఇలాగే ఉంటుంది. ఇదే బొమ్మా బొరుసా అనే చోటు.

ఈ మార్పిడి పరీక్ష అలవాటు చేసుకోదగ్గది. మందుపాతరను ఒక గడి నుంచి పక్క గడికి జరిపి, కనబడే అంకెల్లో గానీ, ఇక ముందు కనబడబోయే అంకెల్లో గానీ ఏదైనా మారుతుందా అని చూడటమే ఆ పరీక్ష. మారే అంకె ఒక్కటి ఉన్నా, పుట్టే వీలున్నా, తొందరపడకూడదు. ఉదాహరణకు అదే మూలలో 3 బదులు 2 ఉందనుకోండి. అప్పుడు ట, తలలో ఒకటే మందుపాతర, రెండోది తెరవదగ్గది. అది ఏదో కింది వరుస అంకెలను బట్టి తేలితే, దాన్ని తెరిచినప్పుడు వచ్చే అంకె చ ని తాకుతుంది, క ని తాకదు. దాని మిగతా పొరుగు గడులు తేలగానే క, చల చిక్కు కూడా విడిపోతుంది. చూడ్డానికి రెండు మూలలూ ఒకలాగే ఉంటాయి. ఒకదాంట్లో వేచి ఉండటం దండగ, మరోదాంట్లో తొందరపడటం తప్పు.

నిజమైన బొమ్మా బొరుసా అని తేలాక ఏం చేయాలి? అప్పుడే, అక్కడే నొక్కేయాలి. అనుభవం ఉన్న ఆటగాళ్లు ఇదే చెబుతారు, అందులో న్యాయం ఉంది. ఎలాగూ సగానికి సగం ఓడిపోయే ప్రమాదం ఉన్నప్పుడు, మిగతా బోర్డంతా కష్టపడి తెరిచి వచ్చి ఓడిపోవడం కంటే ముందే ఓడిపోతే ఆ శ్రమైనా మిగులుతుంది.

అయితే ఈ సలహా పాటించే ముందు చూడాల్సింది ఇంకొకటుంది: తెర పైనుండే కౌంటర్. ఇంకా ఎన్ని మందుపాతరలకు జెండా పాతలేదో అది చెబుతుంది. బోర్డు మొత్తాన్నీ తాకే అంకె అదొక్కటే. పై మూలలో మందుపాతర క లో ఉన్నా చ లో ఉన్నా లెక్కకు ఒకటే కాబట్టి కౌంటర్ ఏమీ చెప్పలేదు. రెండు అమరికల్లో మందుపాతరల సంఖ్య వేరైన చోట మాత్రం అది సాక్ష్యం పలుకుతుంది. దీన్ని ఇంకో మూల మీద చూద్దాం. మ అన్నది జెండా పాతిన మందుపాతర. అక్షరాలున్న నాలుగు గడులు మూలలో మిగిలిపోయాయి, చుట్టూ మిగతాదంతా తెరిచేసినదే.

```
క  చ  1
ట  త  2
1  2  మ
```

కుడివైపు 1 చెప్పేది: చ, తలలో ఒకటి. దాని కింది 2లో ఒకటి మ కి పోతుంది, మిగిలిన ఒకటి మళ్లీ చ, తల గురించే. అడుగు వరుసలోని 1, 2 కూడా ఇదే పద్ధతిలో ట, తలలో ఒకటి అంటాయి. కాబట్టి రెండే దారులు. త లో మందుపాతర ఉంటే చ, ట రెండూ ఖాళీ. త ఖాళీ అయితే చ, ట రెండూ మందుపాతరలు. త ని ఒంటరిగా తాకే గడి ఒకటుండేది, మూలమూలగా ఉన్న మ. అది తెరుచుకుని ఉంటే ఇంత గొడవే లేదు. మూలనున్న క గురించైతే బయటి అంకె ఏదీ నోరు విప్పదు. దాని పొరుగు గడులు మూడే, మూడూ తెరవనివే.

ఇప్పుడు కౌంటర్ వైపు చూడాలి. అది 1 చూపిస్తే మందుపాతర త లో ఉన్నట్టే, మిగతా మూడూ తెరవచ్చు. 3 చూపిస్తే క, చ, ట మూడూ మందుపాతరలు, త తెరిస్తే ఆట ముగుస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఊహతో పనే లేదు. 2 చూపిస్తే మాత్రం రెండు అమరికలు మిగులుతాయి: ఒకటి త, క. రెండోది చ, ట. ఒక కర్ణం మీద ఉన్నవి ఒకదాంట్లో, ఇంకో కర్ణం మీద ఉన్నవి ఇంకోదాంట్లో. నాలుగు గడుల్లోనూ రెండు అమరికలు పూర్తిగా విరుద్ధం. ముందు చెప్పుకున్న రుజువు ఇదిగో కళ్లెదుట ఉంది. ఏ గడి నొక్కినా సగానికి సగం ప్రమాదం. బతికి బయటపడితే మిగతా మూడూ అప్పటికప్పుడే తేలిపోతాయి.

అంటే ఒకే మూల, అవే అంకెలు, కౌంటర్ 2 చూపిస్తే ఊహ తప్పదు, 1 గానీ 3 గానీ చూపిస్తే అవసరమే లేదు. ఆట చివర్లో కౌంటర్ చూడకుండా నొక్కేసి పేల్చుకునేవాళ్లు చేజేతులా గెలుపు పోగొట్టుకుంటున్నారని చెప్పక తప్పదు.

ఇదే మూల ఆట మధ్యలోనే ఎదురైతే లెక్క ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఈ నాలుగు గడులు కాక, వీటితో సంబంధం లేకుండా దూరంగా ఇంకో 59 తెరవని గడులు ఉన్నాయనుకుందాం. కౌంటర్ 13 చూపిస్తోంది. చాలామంది "త లో ఉండొచ్చు, లేకపోతే చ, టలలో ఉండొచ్చు, కాబట్టి సగం సగం" అనేస్తారు. అది తప్పు. దారులు రెండున్నంత మాత్రాన వాటి బరువు సమానం కాదు.

మూలలో త ఒక్కటే మందుపాతర అయితే మిగతా 12 బయటి 59 గడుల్లో ఉండాలి. మూలలో రెండుంటే బయట 11 ఉండాలి. 59 గడుల్లో 12 మందుపాతరలను పేర్చే విధాలు, 11ని పేర్చే విధాల కంటే ఎన్ని రెట్లు? 11 పేర్చిన ప్రతి అమరికలోనూ ఖాళీగా ఉన్న 48 గడుల్లో ఏదో ఒకదాంట్లో పన్నెండోదాన్ని చేర్చవచ్చు. అలా చేరిస్తే 12 ఉన్న ప్రతి అమరికా పన్నెండు సార్లు వస్తుంది, ఎందుకంటే ఆ పన్నెండింటిలో ఏదైనా చివర చేరింది కావచ్చు. 48ని 12తో భాగిస్తే 4. కాబట్టి మూలలో ఒక్క మందుపాతరే ఉన్న అమరిక, రెండున్న ఒక్కో అమరిక కంటే నాలుగు రెట్లు బరువైనది. రెండున్న అమరికలు రెండు: ఒక్కోదాని బరువు 1. మూడున్న అమరిక ఒకటి, దాని బరువు పావు కంటే కూడా కొంచెం తక్కువ.

త మందుపాతరైన అమరికల బరువు 4, 1 కలిపి 5. త ఖాళీ అయిన అమరికల బరువు ఒకటింపావుకు కాస్త తక్కువ. అంటే త కింద మందుపాతర ఉండే అవకాశం నూటికి 80. చ గానీ ట గానీ తెరిస్తే బతికే అవకాశం కూడా అంతే. బతికితే చ లో వచ్చే అంకె క గుట్టు కూడా చెప్పేస్తుంది. సగం సగం అనుకుని త నొక్కేవాడికి మాత్రం నూటికి 80 వంతులు పేలుడే.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఇప్పుడే చ తెరవాలా, బయటి 59 గడులూ ముగించుకుని రావాలా? ఆ గడులన్నీ ఊహ లేకుండా తేలేవే అయితే ఆగడం మేలు. చివర్లో కౌంటర్ 1 గానీ 3 గానీ చూపిస్తే ఊహించే పనే ఉండదు. 2 చూపిస్తేనే సగానికి సగం పందెం. ఆ బరువులే పెట్టి లెక్క వేస్తే, ఆగితే మూల గట్టెక్కే అవకాశం నూటికి 84కి దగ్గరవుతుంది. ఇప్పుడే తెరిస్తే 80. తేడా నాలుగు వంతులే, అయినా దానికోసం పెట్టే ఖర్చేమీ లేదు. కౌంటర్‌కు అందని జంటను వెంటనే నొక్కేయమన్నదీ, కౌంటర్‌కు అందే మూలను చివరిదాకా ఆపమన్నదీ ఒకే సూత్రంలోంచి వచ్చాయి: ఇక ముందు సమాచారం రాగలదా, రాలేదా.

అయితే బయటి గడుల్లోనే ఎక్కడో దారి మూసుకుపోయి, ఏదో ఒకటి నొక్కక తప్పని పరిస్థితి వస్తే లెక్క మారుతుంది. అప్పుడు ఏ గడిలో ప్రమాదం తక్కువన్నదే కాక, బతికితే ఏ గడి ఎక్కువ దారి తెరుస్తుందన్నదీ చూసుకోవాలి. చ తెరిస్తే మూల మొత్తం తేలిపోతుంది. ఏ అంకెకూ అంటుకోకుండా దూరంగా ఉన్న గడిని తెరిస్తే, ప్రమాదం అంతే అయినా, ఒక్క ఒంటరి అంకె వచ్చి కూర్చోవచ్చు, దానితో ఏ పనీ జరగకపోవచ్చు.

చిన్న మూలల్లో ఈ పని చేతి లెక్కతో అయిపోతుంది. బోర్డు మీద తేలని గడులు పొడుగ్గా సాగి, ఒక చివర ఊహ ఇంకో చివరిదాకా పాకే చోట మాత్రం లెక్క బాగా బరువెక్కుతుంది. ఎంత బరువో 2000లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన గణిత శాస్త్రజ్ఞుడు రిచర్డ్ కే చూపించారు. కొన్ని అంకెలు తెరిచిన బోర్డు ఇచ్చి, దానికి సరిపోయే అమరిక అసలు ఒక్కటైనా ఉందా అని అడిగితే, ఆ ప్రశ్న ఎన్‌పీ-కంప్లీట్ అనే కఠినమైన తరగతిలోకి వస్తుందని ఆయన రుజువు చేశారు. బోర్డు పెరిగే కొద్దీ అలాంటి ప్రశ్నలన్నింటికీ వేగంగా జవాబిచ్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఆయన వాడిన కిటుకు ఆలోచింపజేసేది: మైన్‌స్వీపర్ అంకెలతోనే విద్యుత్ తీగల్లాంటి వరుసలు, వాటిని కలిపే గేట్లు కట్టి, కంప్యూటర్ సర్క్యూట్ పనిని బోర్డు మీద చేయించారు. ఆ తీగలో ఒక గడిలో మందుపాతర ఉందనుకుంటే ఆ వరుస పొడవునా ఒక విధంగా తేలుతుంది, లేదనుకుంటే ఇంకో విధంగా. మన మూలలో చ తేలగానే త, ట తేలినట్టే, కాకపోతే ఎంతో దూరం.

2011లో ఆలన్ స్కాట్, ఉల్రికె స్టెగె, ఐరిస్ ఫాన్ రూయ్ ఒక తిరకాసు లేవదీశారు. ఆడేవాడి ఎదుట ఉన్న బోర్డుకు సరిపోయే అమరిక ఉందన్నది ముందే తెలిసిన సంగతి. కాబట్టి అతనికి కావలసింది ఆ ప్రశ్న కాదు, కచ్చితంగా తేల్చగల గడి ఏదైనా ఉందా అన్నది. అది కూడా కష్టమైన ప్రశ్నేనని వాళ్లు చూపించారు. ఇక్కడొక తేడా గమనించాలి. ఒక గడి తేలదని ఎదుటివాళ్లను ఒప్పించడం తేలిక, విరుద్ధమైన రెండు అమరికలు గీసి చూపిస్తే సరిపోతుంది. ఒక గడి సురక్షితమని ఒప్పించాలంటే, అక్కడ మందుపాతర ఉండే అమరిక ఒక్కటి కూడా లేదని చూపించాలి. తీసివేత కుదిరిన చోట అది ఒక్క వరుసలో అయిపోతుంది, కుదరని చోట చాలా దూరం వెళ్లాల్సి వస్తుంది.

ఊహ అన్నదే అక్కర్లేని మైన్‌స్వీపర్లు కూడా ఉన్నాయి. ఇంగ్లండ్‌కు చెందిన సైమన్ టాథమ్ ఉచితంగా ఇస్తున్న పజిళ్ల సంకలనంలో మైన్స్ అనే ఆట అలాంటిది. ఆడేవాడు మొదటి గడి నొక్కాకే అది బోర్డు తయారు చేస్తుంది. మందుపాతరలను యాదృచ్ఛికంగా పేర్చి, ఆ మొదటి గడి నుంచి మొదలుపెట్టి తర్కంతోనే బోర్డు మొత్తాన్ని తెరవడానికి ప్రోగ్రామే స్వయంగా ప్రయత్నిస్తుంది. ఎక్కడైనా చిక్కుకుంటే ఆ చుట్టుపక్కల మందుపాతరలను అటూ ఇటూ జరిపి మళ్లీ మొదలుపెడుతుంది. చివరిదాకా తెరవగలిగిన బోర్డునే ఆడేవాడి ముందు పెడుతుంది. ఆ ఆటలో మూలనున్న 1, 3ల పక్కన ట, త రెండూ మందుపాతరలై, క, చ తేలకుండా మిగిలిన స్థితి రాదు. ఎక్కడైనా ఆగిపోతే కౌంటర్ చూడటమో, ఇంకా కలపని మూడో అంకె కోసం వెతకడమో చేయాలి, ఎందుకంటే అక్కడ జవాబు తప్పకుండా ఉంటుంది. పాత విండోస్ ఆటకు మాత్రం అలాంటి హామీ లేదు. అందులో మార్పిడి పరీక్ష నెగ్గిన జంట ఎదురైతే, నొక్కడం తప్ప చేయగలిగింది లేదు.